తైదల మాల్ట్ అమ్మే పోస్టు రాయడం ఎలా: ‘షుగర్ తగ్గుతుంది’ అనకుండా

మహబూబ్‌నగర్, నారాయణపేట, దేవరకొండ వైపు వాట్సాప్ గ్రూపుల్లో తైదల, అంటే రాగుల, మాల్ట్ అమ్మే పోస్టులు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. మహిళా సంఘమైనా, ఊళ్లో చిన్న పిండి మిల్లు పెట్టుకున్నవాళ్లైనా రాసేది దాదాపు ఇదే:

“పాలమూరు తైదల మాల్ట్! షుగర్, బీపీ కంట్రోల్. 15 రోజుల్లో 5 కిలోలు తగ్గుతారు. డాక్టర్లు కూడా ఇదే తాగమంటున్నారు. చక్కెర లేదు, బెల్లం మాత్రమే. ప్రోటీన్, కాల్షియం పుష్కలం. 100 శాతం నాచురల్. 6 నెలల పిల్లల నుంచి ముసలోళ్ల దాకా అందరూ తాగొచ్చు.”

సరుకు మంచిదే కావచ్చు. అయినా ఈ పోస్టులో ఊరి పేరు తప్ప దాదాపు ప్రతి మాటకూ ఏదో ఒక చట్టం అడ్డొస్తుంది. ఈ పోస్టునే ముందు పెట్టుకుని, ఏ మాట తీసేయాలో, ఏ మాటకు అంకె కావాలో, చివరికి ఏం మిగులుతుందో వరుసగా చూద్దాం.

ఒక సంగతి ముందే తెలియాలి. ఆహార ప్రకటనల మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో తెచ్చిన నిబంధనలు రాసిన మాటనే కాదు, నోటితో చెప్పినదాన్నీ, బొమ్మతో సూచించినదాన్నీ కూడా సరుకు గురించి చేసిన ప్రకటనగానే చూస్తాయి. మాటల్లో ‘షుగర్’ తీసేసి, పక్కన గ్లూకోమీటర్ బొమ్మో, మెడలో స్టెతస్కోప్ వేసుకున్న మనిషి ఫొటోనో పెడితే ఒరిగేదేమీ లేదు. వాట్సాప్ స్టేటస్, వాయిస్ మెసేజ్, రీల్ కింద రాసే నాలుగు మాటలు, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

మొదట రోగాల పేర్లు కొట్టేయండి

పోస్టు ప్రింటు తీసుకుని, లేదా కాగితం మీద రాసుకుని, రోగం పేరు కనిపించిన ప్రతి చోటా గీత పెట్టండి. షుగర్, బీపీ, థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు, గ్యాస్, రక్తహీనత. ఏ ఆహారమైనా ఒక రోగాన్ని రాకుండా ఆపుతుందనీ, తగ్గిస్తుందనీ, నయం చేస్తుందనీ ప్రత్యేక అనుమతి లేకుండా చెప్పకూడదని ఆ 2018 నిబంధనలు అంటాయి. రోగం వచ్చే ప్రమాదాన్ని తగ్గిస్తుందని చెప్పడానికి అనుమతి ఉన్నవి కొన్ని ఉన్నాయి. కానీ వాటికి నిర్ణీత పోషకం, నిర్ణీత మోతాదు, నిర్ణీత వాక్యం ఉంటాయి. మీ పిండి ఆ పట్టికలోకి వస్తుందని ఊహించుకుని రాయకండి.

ఇక్కడ అందరూ వేసే ఎత్తు ఒకటుంది. ‘తగ్గిస్తుంది’ తీసేసి ‘అదుపులో ఉండడానికి సహాయపడుతుంది’ అని రాస్తారు. మెత్తగా రాసినా అది రోగానికి ఉపశమనం ఇస్తుందన్న మాటే. ‘షుగర్ ఉన్నవాళ్లకు అమృతం’, ‘షుగర్ పేషెంట్ల స్పెషల్’ అన్నవీ అంతే. రోగం పేరు, మీ సరుకు పేరు, వాటిని కలిపే ఏ క్రియ అయినా ఒకే చోటికి చేరితే చదివేవాడు ఒకే అర్థం తీసుకుంటాడు. కలిపే మాటను మార్చడం కాదు, రోగం పేరునే తీసేయాలి.

ఇది ఆహార నిబంధనలతోనే ఆగదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది. కొన్ని రోగాల పట్టిక ఇచ్చి, వాటిని నయం చేస్తామని ప్రకటన ఇవ్వకూడదంటుంది. ఆ పట్టికలో మధుమేహం, రక్తపోటు, స్థూలకాయం, కేన్సర్ ఉన్నాయి. “మాది పిండి, మందు కాదు కదా” అని కొందరు అంటారు. ఆ చట్టంలో ‘డ్రగ్’ అన్న మాటకిచ్చిన నిర్వచనంలో, రోగాన్ని నయం చేయడానికో నివారించడానికో ఉద్దేశించిన ఏ పదార్థమైనా వస్తుంది. అంటే మీ పిండిని ఆ నిర్వచనంలోకి నెట్టేది మీరు రాసిన మాటే. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

‘15 రోజుల్లో 5 కిలోలు’ అన్న మాట కూడా దీనితోపాటే పోవాలి. రుజువు చూపలేని హామీ అది. ‘రాత్రి అన్నం మానేసి ఇదే తాగండి’ అని రాయడం ఇంకో తప్పు. అనుమతి లేని ఆహారాన్ని భోజనానికి బదులుగా చూపించకూడదు.

కస్టమర్ మెసేజీలూ, డాక్టర్ పేరూ

“అక్కా, మీ పిండి తాగినంక నా షుగర్ 240 నుంచి 130కి దిగింది” అని ఎవరో మెసేజ్ పెడతారు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెడతారు. ఆ మనిషి చెప్పింది నిజమే కావచ్చు. ఆయన అదే నెలలో మాత్ర మార్చుకుని ఉండొచ్చు, అన్నం తగ్గించి ఉండొచ్చు. అది మీకు తెలియదు, చదివేవాళ్లకీ తెలియదు. ఆ మాట కస్టమర్ నోటి నుంచి వచ్చినా, అమ్మకం కోసం మీరు పెట్టినప్పుడు అది మీ ప్రకటనే అవుతుంది. మీరు స్వయంగా రాయకూడనిది ఇంకొకరి నోటితోనూ చెప్పించకూడదు. రుచి గురించి, పిండి మెత్తదనం గురించి, పార్సిల్ చెప్పిన రోజుకు వచ్చిందనే దాని గురించి కస్టమర్ చెప్పినవి నిక్షేపంగా పెట్టుకోండి.

‘డాక్టర్లు సిఫార్సు చేసినది’, ‘డాక్టర్ ఆమోదించినది’ అన్న మాటల మీద ఆధారపడి ఆహారం అమ్మడాన్ని కూడా ఆ నిబంధనలు ఒప్పుకోవు. మీ అల్లుడు ఎంబీబీఎస్ చదివినా సరే.

రీల్స్ చేసే వాళ్లకు డబ్బు గానీ, ఉచితంగా రెండు ప్యాకెట్లు గానీ ఇస్తే, ఆ వీడియోలో అది ప్రకటన అని చెప్పించాలి. వీడియో తెలుగులో ఉంటే ఆ మాట కూడా తెలుగులోనే, కనిపించేలా ఉండాలి. కింద పది హ్యాష్‌ట్యాగుల మధ్య దాచడం చెల్లదు. ఆ రీల్‌లో రోగాల సంగతి ఎత్తవద్దని ముందే రాసి పంపండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. అది తయారుచేసినవాళ్ల మీదే కాదు, ప్రచారం చేసినవాళ్ల మీద కూడా పడవచ్చు.

చంటిపిల్లల మాట

పాత పోస్టులో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట షుగర్ కాదు. ‘6 నెలల పిల్లల నుంచి’ అన్నది. మన ఇళ్లలో ఆరో నెల దాటాక రాగి జావ, ఉగ్గు పెట్టడం మామూలే కాబట్టి ఇందులో తప్పేముందని ఎవరికీ అనుమానం రాదు. కానీ 1992లో వచ్చి, 2003లో సవరించిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ప్రకారం, ఆరు నెలలు దాటినప్పటి నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు తల్లిపాలకు తోడుగా ఇచ్చేదని చెప్పి అమ్మే ఏ ఆహారమైనా శిశు ఆహారమే, దాని పేరు ఏదైనా. శిశు ఆహారానికి ప్రకటనే నిషేధం. బాగా రాసిన ప్రకటనా, చెడ్డగా రాసిన ప్రకటనా అన్న తేడా లేదు. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ.

కాబట్టి ‘బేబీ’, ‘ఉగ్గు’, ‘6 నెలల’, ‘తల్లిపాల తర్వాత’ అన్న మాటలు పోస్టులో ఎక్కడా ఉండకూడదు. పాకే బిడ్డ ఫొటో, పాలసీసా బొమ్మ కూడా వద్దు. పెద్ద పిల్లల విషయంలో పూర్తి నిషేధం లేదు గానీ, ‘తెలివి పెరుగుతుంది’, ‘ఎత్తు పెరుగుతారు’ అన్న మాటలకు శాస్త్రీయ ఆధారం చూపించాల్సి వస్తుంది. మీ దగ్గర అది ఉండదు. తీసేయండి.

ఇప్పుడు పోషకాల లెక్క

రోగాలు పోయాక అమ్మడానికి ఏం మిగులుతుందని దిగులు పడతారు. మిగిలేది పోషకాల మాట. దానికి దారి తెరిచే ఉంది, లోపలికి పోవడానికి అంకె కావాలి. ‘పీచు ఉంది’, ‘పీచు ఎక్కువ’, ‘ప్రోటీన్ పుష్కలం’ అన్నవి ఇష్టమొచ్చినట్టు వాడే విశేషణాలు కావు. ఒక్కోదానికి 100 గ్రాముల లెక్కన ఒక గీత ఉంది.

ఒక కిలో మాల్ట్‌లో రాగులు 400 గ్రాములు, జొన్నలు 300, పెసరపప్పు 100, బెల్లం 200 అనుకుందాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాములకు పీచు రాగుల్లో సుమారు 11.2 గ్రాములు, జొన్నల్లో 10.2, పెసరపప్పులో 9.4. బెల్లంలో లెక్కించదగ్గంత లేదు. మన పాళ్ల ప్రకారం కూడితే, 100 గ్రాముల మాల్ట్‌లో రాగుల నుంచి 4.5, జొన్నల నుంచి 3.1, పప్పు నుంచి 0.9, మొత్తం 8.5 గ్రాముల పీచు. ఘనాహారానికి ‘పీచు ఉంది’ అనడానికి 100 గ్రాముల్లో కనీసం 3 గ్రాములు, ‘పీచు ఎక్కువ’ అనడానికి కనీసం 6 గ్రాములు ఉండాలి. కాగితం మీద గీత దాటింది.

ప్రోటీన్ సంగతి వేరు. అవే పట్టికలతో అలాగే కూడితే 100 గ్రాములకు సుమారు 8.6 గ్రాములు వస్తుంది. ఇక్కడ గీత రోజువారీ అవసరంలో శాతంగా ఉంటుంది. 10 శాతం ఉంటే ‘ప్రోటీన్ ఉంది’, 20 శాతం ఉంటే ‘ప్రోటీన్ పుష్కలం’. అదే సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పెద్దవయసు మగవాడికి రోజుకు 54 గ్రాములు అవసరం. అంటే ఆ రెండు గీతలు 5.4, 10.8. మన 8.6 ఆ రెంటి మధ్య నిలిచింది. కాబట్టి ‘ప్రోటీన్ ఉంది’ అనొచ్చు, ‘పుష్కలం’ అనకూడదు. ప్రోటీన్ వరకు పోస్టులో ఆ ఒక్క మాటే తప్పు.

కాల్షియం అంచు మీద ఉంది. పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు, అందులో 15 శాతం ఉంటేనే ‘కాల్షియం ఉంది’ అనాలి. అంటే 100 గ్రాములకు 150. మన పాళ్లలో ఒక్క రాగుల నుంచే సుమారు 146 వస్తుంది, మిగతావి కలిస్తే 150 దాటుతుంది. ‘పుష్కలం’ అనడానికి 30 శాతం, అంటే 300 కావాలి. దాని జోలికే పోవద్దు.

ఇదంతా పుస్తకం లెక్క. మీ పిండి పుస్తకంలోని రాగి కాదు. తైదలు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, పట్టించి, చివర జల్లిస్తారు. జల్లెడలో మిగిలిన తవుడును పశువులకు పోస్తారు. రాగి గింజ పైపొరలోనే పీచూ, కాల్షియమూ ఎక్కువగా ఉంటాయి. గొంతుకు గరుకు తగలకూడదని సన్నని గుడ్డతో జల్లిస్తే, మీరు పోస్టులో గొప్పగా చెప్పుకునేది సగం అక్కడే పోవచ్చు. అందుకే పోస్టులో అంకె వేసే ముందు పరీక్ష చేయించాలి.

పరీక్షకు పంపేటప్పుడు ఈ విషయాలు చూసుకోండి. నమూనా అమ్మే పిండి నుంచే, జల్లించిన తర్వాతే తీయాలి. ఒకే బ్యాచ్ పిండిలో మొదట, మధ్యలో, చివర కొంచెం కొంచెం తీసి కలపండి. ఎన్ఏబీఎల్ గుర్తింపుతో పాటు ఎఫ్ఎస్ఎస్ఏఐ జాబితాలో ఉన్న ల్యాబుకే ఇవ్వండి. అడిగేటప్పుడు ‘ఫైబర్’ అని ఊరుకోకుండా ‘టోటల్ డైటరీ ఫైబర్’ అని రాసివ్వండి. ‘క్రూడ్ ఫైబర్’ అనే పాత పరీక్ష చౌక. అందులో అంకె తక్కువ వస్తుంది, అది ఈ గీతలతో పోల్చడానికి పనికిరాదు. దానితోపాటు ప్రోటీన్, కాల్షియం, మొత్తం చక్కెరలు, అన్నీ 100 గ్రాముల లెక్కన అడగండి.

ఉదాహరణకు పీచు 7.4 గ్రాములు, ప్రోటీన్ 8.1, కాల్షియం 139 మిల్లీగ్రాములు అని రిపోర్టు వచ్చిందనుకుందాం. అప్పుడు ‘పీచు ఎక్కువ’ నిలిచింది, ‘ప్రోటీన్ ఉంది’ నిలిచింది, కాల్షియం మాట పోయింది. రాగి అంటే కాల్షియమే కదా అని ఎంత అనిపించినా రాయకూడదు. ‘కాల్షియం ఎముకలకు అవసరం’ లాంటి వాక్యం కూడా వద్దు. ఆ వాక్యం నిజమే గానీ, మీ సరుకులో గీత దాటేంత ఉన్నప్పుడే దాన్ని సరుకు పక్కన వాడాలి.

ఒక గ్లాసుకు ఎంత అన్నది కూడా రాయండి. గీతలు 100 గ్రాములకు ఉన్నా, గ్లాసుకు వేసేది 25 గ్రాముల పిండే. ‘పీచు ఎక్కువ’ అని చదివినవాళ్లు ఒక్క గ్లాసుతో రోజుకు సరిపోతుందనుకుంటారు. 7.4లో నాలుగో వంతు 1.9 గ్రాములే.

బెల్లం, ‘నాచురల్’, పాలమూరు

‘చక్కెర లేదు, బెల్లం మాత్రమే’ అన్నది అందరూ నిజాయితీగానే రాస్తారు. తెల్ల చక్కెర లేదనే వాళ్ల ఉద్దేశం. కానీ నిబంధనల దృష్టిలో ‘చక్కెర కలపలేదు’ అంటే ఏ రూపంలోనూ చక్కెర చేర్చలేదని. తేనె కలిపినా ఆ మాట చెల్లదు, బెల్లమూ అంతే. ‘షుగర్ ఫ్రీ’ అనడానికైతే 100 గ్రాముల్లో చక్కెరలు అర గ్రాము దాటకూడదు. 20 శాతం బెల్లం ఉన్న పిండిలో ఒక్క బెల్లం నుంచే సుమారు 17 గ్రాములు వస్తాయి. ‘బెల్లంతో చేసింది’ అని నేరుగా రాయండి. పాళ్లతో సహా రాస్తే ఇంకా మంచిది. బెల్లం లేకుండా ఒక రకం, బెల్లంతో ఒక రకం అమ్మితే ‘చక్కెర కలపలేదు’ మొదటిదానికి పనికొస్తుంది. అప్పుడు ‘సహజంగా ఉండే చక్కెరలు ఉన్నాయి’ అన్న మాట పక్కనే ఉండాలి.

‘నాచురల్’ అన్నది ఏమీ కలపని ఒకే పదార్థానికి చెప్పే మాట. ఉత్తి రాగి పిండికి నప్పుతుంది. నాలుగు కలిపిన మాల్ట్‌కు నప్పదు. అందులోని పదార్థాలన్నీ సహజమైనవే అయితే ‘సహజ పదార్థాలతో చేసింది’ అనొచ్చు. ‘100 శాతం’ అన్న మాటను ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025లో వాడొద్దని సూచించింది, దానికి నిబంధనల్లో నిర్వచనం లేదు కాబట్టి. అసలు పాళ్లన్నీ పోస్టులో రాసి ‘మరేమీ కలపలేదు’ అంటే కొనేవాళ్లకు అంతకంటే ఎక్కువ నమ్మకం.

‘పాలమూరు’ కూడా ఒక ప్రకటనే. రాగులు పక్క రాష్ట్రం నుంచి లారీలో తెప్పిస్తుంటే ‘పాలమూరులో పట్టించినది’ అనండి, ‘పాలమూరు తైదలు’ అనకండి.

తిరగరాసిన పోస్టు

“పాలమూరు తైదల మాల్ట్. రాగులు 40 శాతం, జొన్నలు 30, బెల్లం 20, పెసరపప్పు 10. మరేమీ కలపలేదు. తైదలు మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పట్టిస్తాం. పీచు ఎక్కువ: 100 గ్రాములకు 7.4 గ్రాములు. ప్రోటీన్ ఉంది: 100 గ్రాములకు 8.1 గ్రాములు. గ్లాసుకు 25 గ్రాముల పిండి చాలు, అందులో పీచు సుమారు 1.9 గ్రాములు, ప్రోటీన్ 2 గ్రాములు. బెల్లం కలిసింది, గమనించండి. పొద్దున అంబలిలా కాచుకోవచ్చు, పాలలో కలుపుకోవచ్చు.” దీని కింద ధర, పట్టించిన తేదీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన 14 అంకెల నంబరు, ఫోన్ నంబరు.

ప్యాకెట్ మీది పోషకాల పట్టికలో కూడా ఇవే అంకెలు ఉండాలి. పోస్టులో ఒకటి, ప్యాకెట్ మీద ఒకటి ఉంటే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ మొదట పట్టుకునేది అదే.

‘ఇది మందు కాదు’ అని చివర చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక గీత రాసి, పైన షుగర్ మాట ఉంచేయడం కొందరి అలవాటు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అలాంటి వివరణ అసలు మాటకు వ్యతిరేకంగా ఉండకూడదు. అసలు మాట ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే, అదే తరహా అక్షరాల్లో, కనిపించే చోట ఉండాలి. పైన చెప్పింది తప్పైతే కింద రాసింది దాన్ని కాపాడదు.

ఫేస్‌బుక్‌లో డబ్బు కట్టి ప్రచారం చేస్తే ఇంకో చిక్కు. ‘మీకు షుగర్ ఉందా?’ అని చదివేవాడి రోగాన్ని ఎత్తి అడిగే ప్రకటనలను వాళ్ల నియమాలే ఒప్పుకోవు. పై పోస్టులో అలాంటిదేమీ లేదు కాబట్టి ఆ ఇబ్బంది రాదు.

పోస్టు పెట్టాక వచ్చే ప్రశ్నలు

ఎంత శుభ్రంగా రాసినా కామెంట్లలో ఎవరో ఒకరు “షుగరున్నోళ్లు తాగొచ్చా అక్కా?” అని అడుగుతారు. ‘హాయిగా తాగొచ్చు’ అని జవాబిస్తే పోస్టులో కొట్టేసిందంతా మళ్లీ తెచ్చి పెట్టినట్టే. జవాబు ముందే రాసి ఫోన్‌లో దాచుకోండి: “ఇందులో 20 శాతం బెల్లం ఉంది. గ్లాసుకు చక్కెరలు సుమారు 4 గ్రాములు, పిండి పదార్థం దానికి అదనం. మీ డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకోండి.” చంటిబిడ్డకు పెట్టొచ్చా అంటే పిల్లల డాక్టర్‌నో, అంగన్‌వాడీ టీచర్‌నో అడగమనండి. ఫోన్లు ఎత్తే పిల్లలకు కూడా ఇవే మాటలు నేర్పండి.

పాత పోస్టుల సంగతి మరిచిపోవద్దు. స్టేటస్ 24 గంటల్లో పోతుంది గానీ వాట్సాప్ కేటలాగ్‌లో వివరణ, యూట్యూబ్ వీడియో పైన వేసిన బొమ్మ, గూగుల్ మ్యాప్‌లో దుకాణం గురించి రాసిన రెండు వాక్యాలు, షాపు ముందు ఫ్లెక్సీ, అన్నీ అలాగే ఉంటాయి. ఎవరైనా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేస్తే ముందు దొరికేవి అవే.

ప్రతి పోస్టుకూ ఒక ఫైలు పెట్టుకోండి. అందులో పోస్టు కాపీ, పెట్టిన తేదీ, ల్యాబ్ రిపోర్టు, ఆ బ్యాచ్ నంబరు, పాళ్లు ఉండాలి. అడిగితే రుజువు చూపాల్సింది ప్రకటన ఇచ్చినవాళ్లే. పాళ్లు మార్చినా, జల్లెడ మార్చినా, వేరే మిల్లులో పట్టించినా ఆ రిపోర్టు పాత పిండిదే అవుతుంది. కొత్తది వచ్చేదాకా అంకెలు తీసేసి, పాళ్లు మాత్రమే రాసి అమ్మండి.